కెమెరా వెనక ఉంటే ముఖం కనిపించదు: దిగులు, భయం, సంతోషం ఒంటితో ఎలా పలికించాలి?

కొత్తపట్నం అమ్మాయి (ఒంగోలు)

అందరికీ నమస్కారం. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా బ్లెండర్‌లో చిన్న త్రీడీ చిత్రం చేస్తున్నాను. కథ మా కొత్తపట్నం తీరంలో జరుగుతుంది. వాయుగుండం హెచ్చరిక వచ్చిన సాయంత్రం. వేటకు వెళ్లిన కొడుకు పడవ ఇంకా ఒడ్డుకు చేరలేదు. ముసలమ్మ బోర్లించిన గంప మీద కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఉంటుంది. మొదట దిగులు, తర్వాత ఉరుము ఉరిమి భయం, చివర పడవ కనబడి సంతోషం. మూడూ ఒకే షాట్‌లో రావాలి. కెమెరా ఆమె వెనక ఉంటుంది, ముఖం అసలు కనిపించదు.

షాట్ 12 సెకన్లు, 24 ఫ్రేముల లెక్కన 288 ఫ్రేములు. ఒక్కో భావానికి 96 చొప్పున సమానంగా పంచాను. దిగులుకు తల వంచాను, భయానికి ఒళ్లు వణికించాను, సంతోషానికి ఆమెను లేపి రెండు చేతులూ పైకెత్తించాను. ఇంట్లోవాళ్లకు చూపిస్తే మొదటిది కునుకుపాటు అన్నారు, రెండోది చలి అన్నారు, మూడోది ఎవరినో పిలుస్తోంది అన్నారు. ఎక్కడ సరిదిద్దాలి?

కావలి గేమ్స్

ముఖానికి ఎన్ని కంట్రోళ్లు పెట్టారు? కనుబొమలకు కనీసం ఒక్కో వైపు మూడు ఉండాలి. పెదవుల మూలలు కిందికి లాగితే దిగులు ఇట్టే వచ్చేస్తుంది. నా దగ్గర ముఖాన్ని కదిలించే కంట్రోళ్లన్నీ తయారుగా ఉన్న రిగ్ ఉంది, కావాలంటే పంపిస్తాను.

కొత్తపట్నం అమ్మాయి

చాలా థాంక్స్ అండీ, కానీ ఈ షాట్‌లో ముఖం కనిపించదు. ప్రేక్షకులు కూడా ఆమెతోపాటు సముద్రాన్నే చూడాలని కెమెరా అక్కడ పెట్టాను. దాన్ని మార్చే ఉద్దేశం లేదు.

కందుకూరు కీఫ్రేమ్

ఇది టైమింగ్ సమస్య. దిగులంటే నెమ్మది, సంతోషమంటే వేగం, భయమంటే వణుకు. మీ దిగులు భాగంలోని కీఫ్రేములన్నీ ఎంచుకుని ఒకటిన్నర రెట్లు సాగదీయండి. సంతోషం భాగాన్ని సగానికి కుదించండి. నేను ఎప్పుడూ ఇలాగే చేస్తాను, పని జరిగిపోతుంది.

పాతరేఖ (నెల్లూరు)

కందుకూరుగారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. దిగులుగా ఉన్న మనిషి నెమ్మదిగానే కదులుతాడు. కానీ క్లిప్పు మొత్తాన్ని సాగదీస్తే ఆ మనిషి నీళ్లలో మునిగి కదులుతున్నట్టు ఉంటుంది. దీనికి కారణం బరువు. మన కదలికల్లో కండరాలు చేసేవి కొన్ని, భూమి లాగేవి కొన్ని. దిగులు కండరాల పనిని మందగింపజేస్తుంది. చెయ్యి ఎత్తడానికి, తల తిప్పడానికి, కూర్చున్నచోటు నుంచి లేవడానికి ఎక్కువ సమయం పడుతుంది. అదే చెయ్యి ఒళ్లోంచి జారి పడితే మాత్రం, ఎంత దిగులున్నా మామూలు వేగంతోనే పడుతుంది. 40 సెంటీమీటర్లు పడటానికి సెకనులో మూడోవంతు కూడా పట్టదు, దాదాపు 7 ఫ్రేములు. దాన్ని 20 ఫ్రేములకు సాగదీశారంటే బరువు పోతుంది, బరువుతోపాటు మనిషీ పోతుంది.

మీ షాట్‌లోనే దీన్ని వాడుకోవచ్చమ్మా. ముసలమ్మ కుడిచెయ్యి మోకాలి మీద ఉందనుకోండి. ఆమె ఒక పొడుగాటి ఊపిరి తీస్తుంది, భుజాలు కొద్దిగా లేస్తాయి. ఊపిరి వదలడానికి ఒకటిన్నర సెకను ఇవ్వండి. వదిలే చివరలో చెయ్యి మోకాలి మీది నుంచి జారి గంప పక్కన పడాలి. 7 ఫ్రేములే. వేళ్లు ఒకసారి ఊగి ఆగుతాయి. ఆ తర్వాత ఒకటిన్నర సెకను పాటు ఆ చెయ్యిని ముట్టుకోకండి. ఆమె దాన్ని తిరిగి ఒళ్లోకి తీసుకోదు. దిగులు ప్రేక్షకుడికి అందేది అక్కడే.

ఇక కునుకుపాటు ఎందుకు అనిపించిందంటే, మీరు మెడ ఒక్కటే వంచి ఉంటారు. నిద్రలో మెడ ముందు సడలుతుంది, నడుము ఇంకా నిటారుగానే ఉంటుంది. దిగులులో కుంగుబాటు కింద మొదలవుతుంది. నడుము వెనక్కి గుండ్రంగా వాలుతుంది, రొమ్ము లోపలికి పోతుంది, భుజాలు ముందుకు జారతాయి, తల చివర్లో కిందికి వస్తుంది. పైగా ఈ ముసలమ్మ ఎదురుచూస్తోంది కదా, తల వంచితే సముద్రం ఎలా కనిపిస్తుంది? ఒళ్లంతా కుంగనివ్వండి, తల మాత్రం అలల వైపే నిలపండి. కుంగిన వీపు మీద ఎత్తి ఉన్న తల చూస్తే ఎవరికైనా ఎదురుచూపు అర్థమవుతుంది. వెనకనుంచి చూసినప్పుడు మెడ పొట్టిగా, రెక్కల ఎముకలు ఒకదానికొకటి దూరంగా కనిపించాలి. రిగ్‌లో భుజాలను కదిలించే బోన్లు విడిగా కదలకపోతే ముందు అది సరిచేసుకోండి.

కందుకూరు కీఫ్రేమ్

ఒప్పుకుంటాను కానీ పూర్తిగా కాదు. దిగులుగా నడిచే మనిషి నడక మొత్తం నెమ్మదిగానే కనిపిస్తుంది కదా? అక్కడ పాదం కూడా నెమ్మదిగా పడుతుంది.

పాతరేఖ

ఆ నడకను ఫోనులో తీసి ఫ్రేము ఫ్రేముగా చూడండి. పాదం నేల విడవడానికి చాలా ఫ్రేములు పడుతుంది, ఎత్తు తక్కువ లేస్తుంది, అడుగు చిన్నది. రెండు పాదాలూ నేల మీద ఉండే సమయం పెరుగుతుంది. నడక నెమ్మదించేది అక్కడే. లేచిన పాదం నేలకు చేరే ఆ చివరి రెండుమూడు ఫ్రేములు అంతగా మారవు. సాగదీయాల్సింది నేల మీద ఉన్న సమయాన్ని.

బొమ్మలపెట్టె (నెల్లూరు జిల్లా)

మా పెద్దలు తోలుబొమ్మలాట ఆడేవారు. ఈ చర్చ చూసి మా ఇంటి సంగతి చెప్పాలనిపించింది. మా బొమ్మలకు ముఖం మారదు. పక్కనుంచి గీసిన ముఖం, పెద్ద కన్ను, అంతే. అదే సీత అశోకవనంలో ఏడవాలి, అదే సీత హనుమంతుణ్ణి చూసి ఊరట చెందాలి. మెడ దగ్గర, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర తోలుముక్కలను కట్టిన కీళ్లు ఉంటాయి. నిలువుకర్రతో ఒళ్లు, చేతికర్రలతో చేతులు ఆడిస్తారు.

మా తాత సీత దుఃఖానికి చేతికర్రను కదిలించేవాడు కాడు. నిలువుకర్రను తెరమీద కొద్దిగా ముందుకు వాల్చి, చేతికర్రను వదిలేసేవాడు. చెయ్యి దానంతట అది వేలాడేది. పాతరేఖగారు జారిన చెయ్యి గురించి రాసింది చదివి ఒళ్లు జలదరించింది, అది అచ్చంగా మా తాత పద్ధతి. ఇంకొకటి, బొమ్మను తెరకు ఆనించి ఉంచితే గీత పదునుగా ఉంటుంది, కాస్త వెనక్కి తీస్తే నీడ చెదిరి పెద్దదవుతుంది. రాక్షసుడు వచ్చేటప్పుడు ఆ చెదిరిన నీడనే ముందు చూపించేవాళ్లు. మీ త్రీడీలో అలాంటిది చేయడానికి వీలుంటుందో లేదో నాకు తెలియదు.

కొత్తపట్నం అమ్మాయి

బొమ్మలపెట్టెగారూ, మీరు రాసింది మా బృందం అంతా చదివాం. చెయ్యి వదిలేయడం ఈ రాత్రే ప్రయత్నిస్తాను. పాతరేఖగారూ, భయం సంగతి కూడా చెప్పరా? వణుకు తీసేస్తే ఏమీ మిగలడం లేదు.

పాతరేఖ

ముందు ఉరుము గురించి. ఉరుముకు ఉలిక్కిపడటం భయం కాదు, అది ఒంటికి పుట్టుకతో వచ్చిన స్పందన. లాండిస్, హంట్ అనే ఇద్దరు పరిశోధకులు తుపాకి శబ్దానికి మనుషులు ఉలిక్కిపడటాన్ని హైస్పీడ్ కెమెరాతో చిత్రీకరించి 1939లో పుస్తకం వేశారు. రెప్పలు మూసుకుంటాయి, తల ముందుకు వస్తుంది, భుజాలు లేస్తాయి, మోచేతులు మడుచుకుంటాయి, మోకాళ్లు వంగుతాయి. ధైర్యవంతుడికైనా పిరికివాడికైనా దాదాపు ఇదే వరస, అంతా అర సెకను లోపే. కాబట్టి ఉలికిపాటుకు 3 లేదా 4 ఫ్రేములు చాలు. కూర్చున్న పోజు నుంచి ముడుచుకున్న పోజుకు నేరుగా వెళ్లండి, మధ్యలో ఒకే ఒక్క బ్రేక్‌డౌన్ పోజు. దానికి ముందు సన్నాహపు కదలిక, అదే యాంటిసిపేషన్, పెట్టకండి. పెడితే ఉరుము వస్తుందని ఆమెకు ముందే తెలిసినట్టు ఉంటుంది.

భయం ఆ తర్వాత మొదలవుతుంది. ఉలిక్కిపడిన మనిషికి ప్రమాదం లేదని తెలిస్తే భుజాలు వెంటనే దిగుతాయి. ఈమె భుజాలు దిగవు. కొడుకు సముద్రం మీద ఉన్నాడు కాబట్టి ఆ ముడుచుకున్న పోజులోనే ఉండిపోతుంది. ఇక్కడ మీకు ఒక మంచి అవకాశం ఉంది. దిగులు భాగంలో భుజాలు ఊపిరితో పైకీ కిందికీ కదులుతూ ఉన్నాయి కదా, ప్రేక్షకుడి కన్ను ఆ లయకు అలవాటు పడి ఉంటుంది. ఉరుము తర్వాత ఆ ఊపిరిని పూర్తిగా ఆపేయండి. 20 ఫ్రేములు ఏ కంట్రోలూ కదలకూడదు. మామూలుగా త్రీడీలో పోజును కదలకుండా నిలిపే హోల్డ్ పెడితే బొమ్మ చచ్చిపోయినట్టు ఉంటుందని ఎంతో కొంత కదలిక ఇస్తూ ఉంటాం. ఈ ఒక్కచోట ఆ నియమాన్ని పక్కన పెట్టండి.

తర్వాత తల చాలా నెమ్మదిగా పైకి రావాలి, భుజాలు లేచిన చోటే ఉండాలి. తల సముద్రం వైపు ముందుకు వస్తుంటే నడుము వెనక్కి వాలాలి, ఒక పాదం వెనక్కి గంప దగ్గరికి జరగాలి. చూడాలని ఉంది, పారిపోవాలని ఉంది, రెండూ ఒకే ఒంట్లో. మీ వణుకు చలిలా కనిపించింది ఎందుకంటే అది ఒళ్లంతా ఒకే కొలతలో, ఒకే వేగంతో సాగింది. వణుకు కావాలనుకుంటే చివర్లో చేతివేళ్లకు మాత్రం ఇవ్వండి, అదీ ఆగి ఆగి.

కావలి గేమ్స్

ముఖం కనిపించదన్న మాట నేను సరిగా చదవలేదు, ఇప్పుడు అర్థమైంది. పాతరేఖ అన్నా, సంతోషం గురించి నాదొక సందేహం. మా గేమ్‌లో పిల్లవాడు బహుమతి దొరికితే ఎగిరి గంతులేస్తాడు. చేతులు పైకెత్తాను, నవ్వు పెట్టాను, గాలిలో బాగా కనబడాలని సరిగ్గా ఒక సెకను ఉంచాను. అయినా వాడు గాలిబుడగలా తేలుతున్నాడు. ఎత్తు మోకాలి వరకే ఉంది.

పాతరేఖ

లెక్క వేసి చూడండి. గాలిలో ఒక సెకను ఉండాలంటే 1.2 మీటర్ల పైన ఎగరాలి. మీ పిల్లవాడు మోకాలి ఎత్తు, అంటే 30 సెంటీమీటర్లు ఎగురుతున్నాడు. దానికి పైకి 6 ఫ్రేములు, కిందికి 6 ఫ్రేములు, మొత్తం అర సెకను. మీరు రెట్టింపు ఇచ్చారు, అందుకే తేలుతున్నాడు.

ఆ సమయాన్ని గాలిలోంచి తీసి నేల మీద పెట్టండి. మొదటి గంతుకు ముందు బాగా వంగనివ్వండి, 8 నుంచి 10 ఫ్రేముల వరకు. ఆ వంగడంలోనే సంతోషం పోగవుతుంది. గంతుకూ గంతుకూ మధ్య పాదాలు నేల మీద 4 ఫ్రేములకు మించి ఉండకూడదు. అలసినవాడు దిగగానే మోకాళ్లు వంచి అక్కడే ఆగుతాడు. సంతోషంలో ఉన్నవాడికి దిగే అదురే తర్వాతి గంతుకు ఊపు అవుతుంది. నవ్వు తీసేసి ఒకసారి ఆడించి చూడండి. అప్పుడూ సంతోషం కనిపిస్తేనే నవ్వు తిరిగి పెట్టండి.

సింగరాయకొండ ఫిజియో

యానిమేషన్ నాకు తెలియదు, నేను ఫిజియోథెరపిస్టుని. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. ఆ ముసలమ్మ లేచే విషయంలో ఒక మాట. కుర్చీలోంచి లేవడానికి ఆరోగ్యంగా ఉన్నవారికే రెండు సెకన్ల దాకా పడుతుంది. ఈమె కూర్చున్నది గంప మీద. ఆసనం ఎంత కిందికి ఉంటే లేవడం అంత కష్టం. వయసు మీద పడినవారు ముందు పాదాలను వెనక్కి లాక్కుంటారు, తర్వాత ఒళ్లంతా ముందుకు వంచి ముక్కును పాదాల వేళ్ల మీదికి తెస్తారు, అప్పుడు చేతులతో మోకాళ్లను నొక్కి పైకి లేస్తారు. ఇసుకలో పాదాలు దిగబడతాయి కాబట్టి మొదటిసారి లేవలేక వెనక్కి కూర్చుండిపోవడం మామూలే. రెండు చేతులూ పైకెత్తి ఒక్క ఊపున లేచే ముసలమ్మను నేను ఇంతవరకు చూడలేదు.

పాతరేఖ

ఇంతకంటే మంచి సాయం ఎవరూ చేయలేరండీ. భయంలో పాదం వెనక్కి గంప దగ్గరికి జరగాలని నేను ముందే రాశాను, మీరు చెప్పిన మొదటి మెట్టు కూడా అదే. ఇప్పుడు భయంతో వెనక్కి పోయిన పాదమే సంతోషంలో లేవడానికి పనికొస్తుంది.

అమ్మా, లేవబోయి కూలబడటం తప్పక వాడండి. సగం లేస్తుంది, ఇసుక జారి కూర్చుండిపోతుంది, క్షణం కూడా ఆగకుండా మళ్లీ లేస్తుంది. ఆ రెండో ప్రయత్నం ఎంత త్వరగా మొదలైందన్నదే సంతోషం. దిగులులో ఉన్న మనిషి కూలబడ్డాక అలాగే ఉండిపోయేది, ఈమె 3 ఫ్రేముల్లో మళ్లీ కదలాలి. కండరాల వేగం పెంచలేం, అది వయసు. నిర్ణయం తీసుకునే వేగం పెంచుతాం. ఇంకొకటి, ఆమె పడవను చూసిన క్షణం లేవడం మొదలుపెట్టకూడదు. అర సెకను కదలకుండా చూడాలి. ఆ తర్వాత ముందుగా లేచి ఉన్న భుజాలు ఒక్కసారిగా దిగాలి, ఆగిన ఊపిరి వదలాలి, అప్పుడు రొమ్ము తెరుచుకోవాలి. చేతులు ఎత్తడం నాకైతే అవసరం అనిపించడం లేదు.

కందుకూరు కీఫ్రేమ్

ఇవన్నీ 12 సెకన్లలో ఎలా పడతాయి? ఊపిరి, చెయ్యి జారడం, హోల్డ్, ఉలికిపాటు, ఇంకో హోల్డ్, తల లేవడం, చూడటం, రెండుసార్లు లేవడం. 96, 96, 96 అసలు సాధ్యం కాదు.

పాతరేఖ

సాధ్యం కాదు, అలా ఉండనక్కర్లేదు కూడా. నేనైతే దిగులుకు 130 ఫ్రేముల దాకా ఇస్తాను, ఎందుకంటే తర్వాతివన్నీ దాని ఊపిరి లయ మీదే ఆధారపడ్డాయి. ఉలికిపాటు 4, ఊపిరి లేని హోల్డ్ 20, తల పైకి రావడానికి 36. అంటే 190 అయింది. పడవను చూసే నిశ్చలతకు 12, భుజాలు దిగి ఊపిరి వదలడానికి 16. 218. మిగిలిన 70లో లేచి కూలబడటం వరకు వస్తుంది, పూర్తిగా నిలబడటం రాదు. షాట్ మూడు సెకన్లు పెంచండి, లేదంటే రెండోసారి లేస్తుండగానే కత్తిరించండి.

కావలి గేమ్స్

కత్తిరిస్తే బాగుండదు అన్నా. అంతసేపు కూర్చోబెట్టి, నిలబడటం చూపించకపోతే ప్రేక్షకుడికి వెలితిగా ఉంటుంది. నా ఓటు 15 సెకన్లకు.

సింగరాయకొండ ఫిజియో

నాకైతే ఆమె నిలబడకపోయినా ఫరవాలేదు అనిపిస్తోంది. లేవాలని అంత ఆరాటపడుతోందని తెలిస్తే చాలదా?

కొత్తపట్నం అమ్మాయి

మీరు చెప్పినట్టు మొదటి రెండు భాగాలూ మళ్లీ చేశాను. బొమ్మకు నల్లరంగు పూసి, నీడలాగా మార్చి, ఫోనులో చిన్నదిగా ఆడించి మా పిన్నికి చూపించాను. శబ్దం పెట్టలేదు. చెయ్యి జారగానే "ఎవరికోసం చూస్తోంది?" అని అడిగింది. ఊపిరి ఆగినచోట "ఏమైంది?" అంది. చలి అనలేదు. సంతోషం ఇంకా చేయలేదు, నిడివి సంగతి మా బృందంలోనూ తేలలేదు.

పెన్నా ఒడ్డు

చాలా రోజులుగా చదవడమే కానీ రాయలేదు. ఈ నల్లబొమ్మ పరీక్షకు దగ్గరగా ఒక పరిశోధన ఉంది. 2012లో అవియేజర్ బృందం 'సైన్స్' పత్రికలో ప్రచురించింది. టెన్నిస్‌లో పాయింటు గెలిచిన, ఓడిన క్రీడాకారుల ఫోటోలు చూపించారు. ముఖం ఒక్కటే చూసినవారు గెలుపో ఓటమో చెప్పలేకపోయారు. ముఖం తీసేసి ఒళ్లు మాత్రం చూసినవారు చెప్పగలిగారు. అయితే అది భావం పతాకస్థాయికి చేరిన క్షణాల గురించిన పరిశోధన. మీ ముసలమ్మ దిగులులాంటి సన్నటి భావానికి అది ఎంతవరకు వర్తిస్తుందో అనుమానమే.

కొత్తపట్నం అమ్మాయి

ఇంకొక చిక్కు వచ్చింది. తీరం కాబట్టి గాలి పెట్టాను, పైట చెంగు ఎగురుతూ ఉంటుంది. చీర సిమ్యులేషన్ కలిపి ఆడిస్తే భుజాల ఊపిరి కనిపించడం లేదు, గుడ్డ కదలికలో కలిసిపోతోంది. గాలి తీసేయాలా?

పాతరేఖ

తీయకండి. ఊపిరి ఆగిన 20 ఫ్రేముల్లో మనిషి బిగుసుకుని ఉంటే, పక్కన గుడ్డ ఒక్కటే కొట్టుకుంటుంటే ఆ నిశ్చలత ఇంకా బాగా కనిపిస్తుంది. పైటను భుజం చుట్టూ తిప్పి నడుములో దోపేయండి, పని చేసుకునే ఆడవాళ్లు అలాగే దోపుకుంటారు. అప్పుడు వీపు, భుజాలు బయటపడతాయి, ఎగరడానికి చెంగు కొస మాత్రమే మిగులుతుంది.

బొమ్మలపెట్టె

నేను ఒప్పుకోను. మా ఆటలో ఒక బొమ్మ నిలిచి ఉన్నప్పుడు తెరమీద ఇంకేదీ కదలనిచ్చేవాళ్లు కాదు. కదిలే వస్తువు ఎంత చిన్నదైనా కన్ను దాని వెంటే పోతుంది. ఆ 20 ఫ్రేములూ గాలి కూడా పడిపోవాలి. వానకు ముందు గాలి స్తంభించడం తీరంలో ఉన్నవాళ్లకు తెలియనిది కాదు.

కొత్తపట్నం అమ్మాయి

రెండు రకాలుగానూ రెండర్ చేసి రేపు ఇక్కడ పెడతాను. పైట దోపడం మాత్రం రెండింటిలోనూ ఉంటుంది.